విజిలమ్మ ఎక్కిన డౌన్ బస్సు

ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేసి పోయిన నెలలోనే రిటైరైన మనిషిని పట్టుకుని కూతురు ఏమడిగిందో తెలుసా? "అమ్మా, ఏ వైపు స్టాపులో ఎక్కాలో కాగితం మీద రాసివ్వనా?" అని!

విజిలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. డిపోలో అందరూ ఆవిడను అలాగే పిలిచేవారు. "చేపపిల్లకు ఈత నేర్పుతావుటే?" అంది. అన్నదంటే అనదూ మరి! ఎదురు వైపు బస్సెక్కిన వాళ్లు ఆవిడ చేతిలో ఎన్ని చీవాట్లు తిన్నారో లెక్కలేదు. "బోర్డు చదవడం రాదా? అప్ ఏదో డౌన్ ఏదో తెలియకుండా ఎలా ఎక్కుతారు? దిగి రోడ్డు దాటండి" అని విజిలూది మరీ దించేసేది. ఒకసారి ఒక ముసలాయన దిగుతూ, తెలియకే కదమ్మా అడిగాను అన్నాడు. ఆ మాట ఆ రోజే మర్చిపోయింది.

ఇప్పుడు పని చిన్నదే. మనవరాలు బళ్లో చేరి వారమైంది. పన్నెండున్నరకు వదులుతారు. కూతురు సెలవు అయిపోయింది. అమ్మ సరిగ్గా తీసుకురాగలిగితే సరే, లేకపోతే వ్యాను మాట్లాడేస్తానంది. రోజూ మధ్యాహ్నం ఆ బుజ్జి చెయ్యి పట్టుకుని ఇంటికి రావడమంటే విజిలమ్మకు ప్రాణం. రిటైరయ్యాక చేతికి దొరికిన పని అదొక్కటే.

పన్నెండింటికే సందు చివరికి వచ్చింది. రోడ్డుకు అటొక స్టాపు, ఇటొక స్టాపు. రెండు వైపులా అదే నంబరు బస్సు వస్తుంది. బడి వైపు పోయేది అప్, తిరిగొచ్చేది డౌన్. విజిలమ్మ బడి ఉన్న వైపు తిరిగి ఒక్క క్షణం ఆలోచించింది. అప్ ట్రిప్పులో స్టాపులన్నీ తన కుడిచేతి వైపే ఉండేవి, ముప్పయ్యేళ్లూ అంతే. రోడ్డు దాటి కుడి వైపు స్టాపులో నిలబడింది. వచ్చిన బస్సెక్కింది. బోర్డు చదవలేదు. ఎప్పుడైనా చదివితే కదా, ఊరి పేరు అరిచేది తనే అయితే! కండక్టరుకు స్టాఫు పాసు చూపించింది. పాసున్న మనిషిని ఎక్కడికని అడగనక్కర్లేదు కాబట్టి ఆ కుర్రాడూ అడగలేదు. కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది.

మూడో స్టాపులో కుర్రాడు "గడియారం సెంటర్" అని అరిచేసరికి ఉలిక్కిపడింది. గడియారం సెంటర్ బడికి పోయే దారిలో లేదు!

అప్పుడు వెలిగింది. ముప్పయ్యేళ్లూ డ్రైవరుకు వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి టిక్కెట్లు కొట్టింది. బస్సుకు ఎడమైన తలుపు తనకు కుడిచేతి వైపు. రోడ్డు మీద నిలబడి బస్సు పోయే వైపు చూస్తే అది ఎడమే కదా. తెలిసిన దారిలోనే పప్పులో కాలేసింది.

లేచి నిలబడింది. కుర్రాడికి బడి పేరు చెప్పింది.

"ఇది డౌనమ్మా," అన్నాడు కుర్రాడు. "పర్లేదు, చాలామంది ఇలాగే ఎక్కేస్తారు. మెల్లిగా దిగి, రోడ్డు దాటి ఎదురు స్టాపులో నిలబడండి."

తను అనే మాటలే. కానీ అతను విసుక్కోలేదు. ఆవిడ దిగి రోడ్డు పక్కకు చేరేదాకా రైట్ చెప్పలేదు. విజిలమ్మకు సిగ్గేసింది. తన విజిలుకు దిగిపోయిన ముసలాయన గుర్తొచ్చాడు.

ఎదుటి స్టాపులో బస్సు పన్నెండు నిమిషాలకు వచ్చింది. ఆ పన్నెండు నిమిషాలూ ఆవిడ కళ్ల ముందు పిల్ల గేటు దగ్గర ఏడుస్తూనే ఉంది. బడికి చేరేసరికి ఒంటిగంటకు అయిదు నిమిషాలుంది. గేటు ఖాళీ. లోపల వాచ్‌మన్ బల్ల మీద కాళ్లూపుకుంటూ కూర్చుని ఉంది పిల్ల. విజిలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"దారి తప్పావా అమ్మమ్మా?"

"తప్పానే తల్లీ. వేరే వైపు ఎక్కేశాను."

పిల్ల నవ్వలేదు. నిన్న నేనూ చెప్పులు తప్పు కాలికి వేసుకున్నాను అంది.

రోడ్డు మీదికొచ్చారు. అటొక స్టాపు, ఇటొక స్టాపు. ఈసారి ఏ వైపో విజిలమ్మకు బాగానే తెలుసు. అయినా కూరగాయల సంచీతో నిలబడ్డ ఒకావిడ దగ్గర ఆగింది.

"అమ్మా, గడియారం సెంటర్ వైపు పోయే బస్సు ఇక్కడే ఆగుతుందా?"

"ఇక్కడే. రండి, నేనూ అటే," అందావిడ, నీడలోకి జరిగి చోటిస్తూ.

సాయంత్రం కూతురు అడక్కముందే జరిగిందంతా చెప్పేసింది. వ్యాను మాట్లాడుకో, నాకేం కోపం లేదు అంది. పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు. కూతురు పిల్ల సంచీలోంచి పెన్సిలు తీసి, కాగితం తల్లి ముందు పెట్టింది.

"ఏ వైపు ఎక్కాలో నువ్వే రాయమ్మా. రేపు పన్నెండింటికి బయలుదేరు."