గంటల అంగడి పేజీలో అక్క మాటలు

పుంగనూరులో మా అక్కది పశువుల తాళ్ళు, మెడగంటలు అమ్మే అంగడి. మదనపల్లెలో కోర్సు నేర్చుకుంటూ నేను చేసిన మొదటి వెబ్‌సైటు దానికే. అప్పటికి నాకు వచ్చింది హెచ్‌టీఎంఎల్, రవ్వంత జావాస్క్రిప్టు. ఒకే పేజీ: ఏ సరుకు ఉంది, ఏది అయిపోయింది, అంతే.

ఫైలు తెరిచి, మాట మార్చి, సేవ్ నొక్కడం అక్కకు నేర్పించాను. కామెంటు గుర్తులు కూడా చూపించాను.

"ఏదన్నా అడగాలంటే వీటి మధ్య రాయక్కా. పేజీలో కనబడదు. ఫైలు తెరిస్తే నాకు కనబడతాది."

"అట్లయితే మనిద్దరికే అన్నమాట" అంది అక్క.

తర్వాత నాకు రియాక్ట్ వచ్చింది, పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కట్టే జావాస్క్రిప్టు పనిముట్టు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? కుప్పంలో ఉద్యోగానికి చూపించుకోవాలని ఆ ఒక్క పేజీని రియాక్ట్‌లో మళ్ళీ కట్టాను. స్క్రీను మీద ఉన్నది చూసి టైపు చేశాను. పాత ఫైలు తెరవనే లేదు. ఉద్యోగం వచ్చింది.

అక్క ఫోన్ చేసింది.

"ఫైలు తెరిస్తే సరుకుల పేర్లే లేవు. డివ్ అని రాసిన ఖాళీ జాగా ఒకటి, ఏదో స్క్రిప్టు పేరు ఉండాది. గంటలు యాడ మార్చేది?"

"ఇప్పుడు అట్ల మార్చలేవక్కా. నాకు చెప్పు. నేను ఈడ మార్చి, పేజీ మళ్ళా తయారుచేసి పెడతా."

గంటలు అయిపోయాయని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ పనిలో ఉండానన్నాను. మూడోసారి చెప్పలేదు. అయిపోయిన గంటలు పేజీలో మాత్రం ఉన్నట్టే కనబడుతున్నాయి. పెద్దపంజాణి నుంచి ఒక ముసలాయన వాటి కోసమే వచ్చి ఉత్తచేతులతో వెళ్ళాడని అమ్మ చెబితే తెలిసింది.

సిగ్గేసింది. పాత పేజీనే పెట్టేద్దామని ఆ ఫైలు తెరిచాను. సరుకుల మధ్యన, ఎవరికీ కనబడని చోట, అక్క ఉంది.

"చిన్న గంటలు అయిపోయినాయి. నువ్వు తిన్నావా?"

"ఈ పొద్దు ఒకాయన నీ పేజీ సూసి వచ్చినాడు. మా చెల్లెలు చేసిందని చెప్పినా."

"ఫోన్ చేస్తే కోర్సు పనిలో ఉండానంటావు. ఈడయితే తీరిగ్గా సూస్తావని రాస్తాండాను."

నేను ఒక్కటీ చూడలేదు. రియాక్ట్‌ది తప్పని అనను. పెద్ద పనులకు అది కావాలి, ఇప్పుడు నాకు అన్నం పెట్టేదీ అదే. గంటల అంగడికి అవసరం లేకపోయింది. అవసరమల్లా నా గొప్పకే.

పాత ఫైలును తిరిగి పెట్టి అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "సరేలే" అంది. ఆమె రాసిన మొదటి కామెంటు కింద నేనొకటి రాశాను: "తిన్నానక్కా. నువ్వు?"

ఇప్పుడు సరుకు వివరాలు అక్కే మారుస్తోంది. నిన్న చిన్న గంటలు వచ్చాయని పెట్టింది. రోజూ ఆఫీసులో కూర్చోగానే ఆ పేజీ వెనకున్న ఫైలు తెరుస్తాను. తినిందో లేదో ఫోన్లో అడగొచ్చు. నాకు మాత్రం ఆ గుర్తుల మధ్య రాసే అక్క కావాలి. నా ప్రశ్న కింద ఇంకా ఏమీ లేదు.