డైరెక్టరు గారు చదవని ఉత్తరం

ఆమె అసలు పేరు ఆసుపత్రిలో హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కరలేకపోయింది. అందరూ కామాలమ్మ అనేవారు. ఒక్క కామా తప్పినా కాగితాన్ని వెనక్కి తిప్పి పంపుతుందని, ఎవరో వార్డు గుమస్తా ఒళ్లు మండి పెట్టిన పేరది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "నయం, ఫుల్‌స్టాపమ్మ అనలేదు" అని నవ్వేసేది.

పదిహేడేళ్లుగా ఆమె పని డైరెక్టరు గారి పేరుతో రాయడం. ఆయన గుండె ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన మనిషి. కలం పట్టుకుంటే మాత్రం ఆ చెయ్యి మొరాయించేది. కారిడార్లో నడుస్తూ నాలుగు ముక్కలు చెప్పేవారు, ఈమె వాటిని ఉత్తరం చేసేది. ఆయన చదివి, దిద్ది, ఆఫీసులో ఉంచే నకలు అంచున పొడి సంతకం పెడితేనే అసలు కాగితం తయారయ్యేది. "ఆహ్వానం అందింది, రాలేను" లాంటి చిన్నాచితకా జవాబులకు మాత్రం ఆమెకు రాతపూర్వకంగా అనుమతి ఉంది. వాటి కింద కూడా 'డైరెక్టరు తరఫున' అని రాసి, తన పేరూ హోదా వేసి, తన సంతకమే పెట్టేది. ఆయన కంట పడని కాగితం మీద ఆయన సంతకం పడిన రోజు లేదు.

ఆ ఏడాది ఆయన కంటికే ఆపరేషన్ అయింది. మూడు వారాల సెలవు, అక్షరం ముక్క చదవకూడదన్నారు. రోజువారీ పనులు ఉప డైరెక్టరు చూడాలనీ, మరణాల మీద వచ్చిన ఫిర్యాదులు మాత్రం తనకోసం ఆపాలనీ ఉత్తర్వు రాయించి, గట్టిగా చదివించుకుని మరీ సంతకం పెట్టి వెళ్లారు.

నాలుగోరోజున ఉప డైరెక్టరు ఒక కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"మేడం, దీన్ని కాస్త ఆయన భాషలోకి మార్చండి. ఇవాళే వెళ్లాలి."

అది ఒక తల్లి ఫిర్యాదుకు జవాబు. ఇరవై ఏళ్ల కూతురిని వార్డు నుంచి స్కానింగుకు తీసుకెళ్తుంటే దారిలో ఆక్సిజన్ సిలిండరు ఖాళీ అయిపోయింది. అమ్మాయి లిఫ్టు ముందే ప్రాణం వదిలింది. బయల్దేరే ముందు సిలిండరు ఎవరు చూశారని తల్లి అడిగింది. జవాబులో ఇలా ఉంది: "మీ ఫిర్యాదును నేను స్వయంగా పరిశీలించాను. సిలిండరు నిండుగానే ఉంది. దురదృష్టవశాత్తు రోగి పరిస్థితి విషమించింది."

కామాలమ్మ పెన్సిలు తీసి మొదట 'రోగి' చుట్టూ సున్నా చుట్టింది.

"ఆయన రోగి అని రాయరండీ, పేరు రాస్తారు. దురదృష్టం అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు."

"అందుకేగా మీకిచ్చింది. మార్చండి."

"మాటలైతే మారుస్తాను. 'స్వయంగా పరిశీలించాను' అన్నదాన్ని ఏం చెయ్యమంటారు? ఆయన కంటికి కట్టుంది."

"అబ్బ, మాటవరసకి అంటాం. కింద ఆయన సంతకం వేసెయ్యండి, మీ కంప్యూటర్లో ఉందిగా."

"అది ప్రశంసా పత్రాలకి. అదీ ఆయన సరేనన్న జాబితాకే. పోనీ 'తరఫున' అని మీ పేరే పెడదామన్నా, ఇలాంటి వాటికి జవాబిచ్చే అధికారం మీకు రాసివ్వలేదు. ఉత్తర్వు చూపించమంటారా?"

ఉప డైరెక్టరు ముఖం కందగడ్డలా అయింది. "మీరు ఉత్తరాలు రాసే మనిషి. అధికారం పాఠాలు నాకు చెప్పొద్దు."

ఆమె మూడు వాక్యాలు టైపు చేసి ఇచ్చింది: ఉత్తరం అందింది, డైరెక్టరు సెలవులో ఉన్నారు, రాగానే ఆయన ముందు పెడతాము. అందిన సంగతి చెప్పడానికి ఉప డైరెక్టరు సంతకం చాలు. ఉప డైరెక్టరు దాన్ని మడిచి జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు. అక్కడితో సరిపోయిందనుకుంది.

వారం తిరిగేసరికి ఆ తల్లి వచ్చింది. దుకాణంలో జాకెట్లు కుట్టే మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"సారు స్వయంగా చూశారంట కదమ్మా. ఏం చూశారో అడుగుదామని వచ్చాను. సిలిండరు ముల్లు సున్నా మీద ఉండటం నేను నా కళ్లతో చూశాను. మరి సారుకెలా నిండుగా కనిపించింది?"

కామాలమ్మ ఉత్తరం అందుకుంది. అదే 'రోగి', అదే 'దురదృష్టం'. కింద డైరెక్టరు సంతకం. చివరి గీత మధ్యలో సిరా తెగి ఉంది. అది వార్షిక నివేదికలో ఆయన సందేశం కింద అచ్చయిన సంతకం. దాన్ని కత్తిరించి ఇక్కడ అతికించారు. తారీఖు సరిగ్గా, కంటికి మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చి ఆయన రెండోసారి ఆపరేషన్ గదిలోకి వెళ్లిన రోజు.

"ఇది ఆయన రాయలేదమ్మా. ఆయన చూడలేదు కూడా."

"మరి ఎవరు రాశారు?"

"ఆయన వచ్చాక ఆయన నోటితోనే చెప్పిస్తాను. ఈ కాగితం ఎవరడిగినా ఇవ్వకండి. నాకు కూడా నకలే ఇవ్వండి."

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే ఒకటి చేతిలోంచి జారి సొట్టపోయింది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"గిన్నె ఏం పాపం చేసిందే?"

సంగతి విని అత్తగారు సొట్టపోయిన గిన్నె తీసి గట్టు మీద పెట్టింది. తర్వాత, "నువ్వు రాయనన్నావు కనకనే వాడు అంత చేతకాని రాత రాశాడు. నువ్వే రాసుంటే ఆ తల్లి నమ్మేసేది" అంది. ఆ మాట విన్నాక కామాలమ్మకు అన్నం సహించలేదు.

డైరెక్టరు నల్ల కళ్లద్దాలతో తిరిగి వచ్చిన పొద్దున, ఆమె ఉత్తరం నకలుతో ఎదురెళ్లింది. ఆయన విని నిట్టూర్చారు.

"ఏదో అయిపోయిందమ్మా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆసుపత్రి పరువు ఏమవుతుంది?"

పదిహేడేళ్లలో మొదటిసారి ఆమె గొంతు గది దాటింది.

"ఎవరి పరువండీ? లిఫ్టు ముందు కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి మీ పేరుతో అబద్ధం పోయింది. మీరనని మాట నేనెన్నడూ రాయలేదు. ఈ అబద్ధం మీదేనంటే చెప్పండి, ఇప్పుడే ఫైల్లో పెడతాను. రేపటి నుంచి ఆ కుర్చీలో ఇంకొకర్ని చూసుకోండి."

బయట గుమస్తాల కీబోర్డులు ఆగిపోయాయి. డైరెక్టరు నల్ల కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. చివరికి, "చదవండి" అన్నారు. ఆమె చదివింది. 'రోగి' దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆ అమ్మాయి పేరేంటి?"

ఆమె చెప్పింది.

"ఆ పేరుతోనే మొదలుపెట్టండి. ఆ ఉత్తరం నేను రాయలేదని, వెనక్కి తీసుకుంటున్నానని, విచారణ పాలకమండలి జరుపుతుందని రాయండి. సంతకం నేనే పెడతాను."

కాగితం కంటికి ఆనించుకుని, వంకరటింకరగా పెట్టారు.

విచారణలో తేలింది, సిలిండర్లు చూసినట్టున్న రిజిస్టరు ఆ రోజు సంఘటన తర్వాతే నింపారని. ఇప్పుడు రోగిని కదిలించే ముందు సిలిండరు ముల్లు ఇద్దరు చూసి సంతకాలు చెయ్యాలి. ఉప డైరెక్టరుకు ఏమైంది? ఇంకో శాఖకు, అదే హోదాలో బదిలీ అయ్యాడు. సంజాయిషీ అడిగింది కామాలమ్మను. ఆఫీసు లోపలి విషయం బయటి మనిషికి ఎందుకు చెప్పారని పాలకమండలి మెమో ఇచ్చింది, ఆమె సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాసింది. డైరెక్టరు అడ్డుకోలేదు. "తర్వాత తీయిస్తాను" అన్నారు. తీయించలేదు.

విచారణ నివేదిక నకలు కోసం ఆ తల్లి మళ్లీ వచ్చినప్పుడు, దరఖాస్తు ఎలా పెట్టాలో కామాలమ్మే దగ్గర కూర్చుని చెప్పింది. రాసి పెడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వు చెప్పమ్మా, నేనే రాసుకుంటాను" అని పెన్ను అందుకుంది.