మాయాబందర్ పిల్లకి మధ్యాహ్నం స్లాట్

పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో ప్లేస్‌మెంట్ల పని నా నెత్తిన ఉన్న రోజుల్లో విశాఖపట్నం కంపెనీ ఒకటి ఇంటర్వ్యూలకు వచ్చింది. ముందు టెక్నికల్ ప్యానెళ్లు, అవయ్యాక హెచ్‌ఆర్. వాళ్ల కోఆర్డినేటర్ పేర్ల వరసలో స్లాట్లు వేసి, ముందురోజు పంపించాడు. ఉత్తరాన దూరంగా ఉన్న మాయాబందర్‌లో చేపల వేటకెళ్లేవాళ్ల అమ్మాయికి పొద్దున్నే మొదటి స్లాట్ పడింది. ఆమె ఎక్కిన ఓడ మా ఊరి ఫీనిక్స్ బే జెట్టీకి చేరేదే మర్నాడు భోజనాల వేళకి. స్లాట్ తప్పితే గైర్హాజరు కిందే లెక్క.

కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను.

"ఆటోలో రమ్మనండి మేడమ్," అన్నాడతను.

"సముద్రం మీద ఆటో నడిపేవాడుంటే మీరే పంపండి బాబూ."

అదే ప్యానెల్లో మధ్యాహ్నం స్లాట్ ఉన్న కుర్రాడొకడు ఊళ్లోనే గోల్ ఘర్‌లో ఉంటాడు, ఆమెతో మార్చుకోమని వాణ్ణి అడిగాను.

"పొద్దున్న నా దిమాగ్ పనిచెయ్యదు మేడమ్."

"మధ్యాహ్నం పనిచేస్తుందని ఎవరు చెప్పార్రా?"

వాడు నవ్వి ఒప్పుకున్నాడు.

కోఆర్డినేటర్ ఇద్దరి టెక్నికల్ స్లాట్లు మాత్రం తారుమారు చేశాడు. దాంతో ఆ అమ్మాయి హెచ్‌ఆర్ స్లాట్ టెక్నికల్ కంటే ముందుకొచ్చింది.

"చూశారా, కుదరదు," అన్నాడు.

"సగం మారిస్తే ఎందుకు కుదురుతుంది? ఇద్దరివీ రెండు రౌండ్లూ మార్చండి."

మార్చాడు. కుదిరింది.

మర్నాడు ఆ అమ్మాయి జెట్టీ నుంచి సంచితో సహా నేరుగా ఇంటర్వ్యూకి వచ్చింది. సాయంత్రం ఎంపికైనవాళ్లలో ఇద్దరి పేర్లూ చదివారు. ఆమె నా పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, నౌకరీ వచ్చీసింది. వైజాగ్‌లోనట."

అవతల తల్లి పకపకా నవ్వింది. "చేపల్లేవని మీ తాత వదిలీసొచ్చిన ఊరే అది. నీకేటి దొరికిందే అక్కడ?"