మా అక్క బొటనవేలు, సోలన్నర ఉప్పు

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి మిగతా సగాన్ని నమ్మాలని మా ఆవిడ అందరికీ ముందే చెప్పి పెడుతుంది. వరదొచ్చిన యేడు మూసీలో లుంగీ విసిరి నేను పట్టిన చేప మొదట రెండు కిలోలే. ఇప్పుడది పదకొండు కిలోలైంది. నాకేమీ సిగ్గు లేదు. కథ పెరగాలి, లేకపోతే అది కథే కాదు. కానీ ఇరవై రెండేళ్లు నాచారంలో ఒక షెడ్డులో ఫిట్టరుగా పనిచేసినవాణ్ని. కొలత విషయంలో మాత్రం నాతో అబద్ధం ఆడించడం ఎవరి తరమూ కాదు. ఆడించబోయిన ఒక సారు కథే ఇది.

మా ఆవిడ నాచారంలోనే ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూరగాయలు తరిగేది. ఓ రోజు ఇంటినుంచి మా అమ్మ పద్ధతిలో చేతి అంచనాతో పెట్టిన మామిడికాయ తొక్కు పట్టుకెళ్లింది. క్యాంటీన్ చూసుకునే సారు రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద పెట్టుకుంటూ అన్నాడట, "అమ్మా, పచ్చళ్ల సెక్షన్ నీకే అప్పజెప్త. కాకపోతే ఫైల్ల పెట్టనీకి కాగితం గావాలె. అన్నీ గ్రాముల్ల ఉండాలె. కింద నీ సంతకం బెట్టాలె."

పదిహేనేళ్లు ఉల్లిగడ్డలు కోసి కోసి కళ్లు మండిన మనిషికి అది చిన్న మాట కాదు.

కాగితం ఉండేది. బోడుప్పల్‌లో మా అక్క దగ్గర, అమ్మ పోయేముందు పెన్సిలుతో రాసింది. జాడీ మూతకింద పెట్టీ పెట్టీ అది నూనెలో నాని చిరిగిపోయింది. మిగిలింది అక్క ఎప్పుడో ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటే. అందులో పుల్లమామిడి కాయలు ఇరవై అయిదు. కారం రెండు సోలలు. మెంతిపిండి పిడికెడు. నూనె ముక్క మునిగేదాకా. ఉప్పు సోల... ఆ తర్వాత ఏముందో తెలియదు. అక్కడ మా అక్క బొటనవేలుంది. కాగితం ఎగిరిపోకుండా పట్టుకుందట.

"గదేం వేలక్కా, వంకాయోలె ఉంది!" అన్నాను.

"నోర్ముయ్ తమ్మీ. గా వేలు లేకుంటే గా ఫొటో గూడ ఉండకపోతుండె. సోలన్నరరా అది. నా నాలికకు యాదికున్నది."

"నాలిక సంతకం పెట్టదు వదినె," అంది మా ఆవిడ.

అక్క అమ్మ కొలిచే పాత ఇత్తడి సోల తెచ్చిచ్చింది. నేను ఫిట్టరు తెలివి చూపించాను. సోలనిండా నీళ్లు పోసి త్రాసు మీద పెడితే నాలుగు వందల గ్రాములు తూగాయి. కారం రెండు సోలలు, అంటే ఎనిమిది వందలు అని ఠక్కున రాసేశాను. మా ఆవిడ తలపట్టుకుంది.

"ఏందయ్యా, కారంపొడి నీళ్లలెక్క తూగుతదా? గీ లెక్కన తొక్కు తిన్నోళ్లంత దవాఖానకే పోతరు!"

తూచి చూశాం. అదే సోలలో అంచుకు సమంగా కారంపొడి నూటఎనభై గ్రాములే. దంచిన దొడ్డుప్పు నాలుగు వందల యాభై. ఇరవై రెండేళ్లు ఇనుముతో బతికిన నాకు, సోలనేది చోటే కానీ బరువు కాదని అప్పుడు తెలిసింది. కొట్టివేసి, కారం మూడువందల అరవై అని రాశాను.

మెంతిపిండి దగ్గర మళ్లీ చిక్కు. పిడికెడు అంటే ఎవరి పిడికెడు? అమ్మ చేతికి దగ్గరి చెయ్యి అక్కదే. మూడుసార్లు పట్టమంటే ముప్పై ఎనిమిది, యాభై రెండు, నలభై ఐదు వచ్చాయి. మూడోసారి పిడికిలి విసురుగా విప్పుతూ అక్క విసుక్కుంది, "నా చెయ్యి ఏమన్న మిషినా?"

నేను గీతలు గీసి మూడో గడి చేర్చాను. మా షెడ్డు డ్రాయింగుల్లో ప్రతి కొలత పక్కన ఇంత ఎక్కువైనా, ఇంత తక్కువైనా పరవాలేదని రాసుంటుంది. అలాగే మెంతిపిండికి నలభై ఐదు, అటూ ఇటూ ఏడు అని రాశాను. మామిడికాయలకు: ఉప్పల్ సంతలో కొన్న ఇరవై అయిదు కాయలు జీడి తీసి కొడితే నాలుగు కిలోల వంద గ్రాముల ముక్కలొచ్చాయి, అమ్మ కాయలు ఎంత లావో తెలియదు. నూనెకు: లీటరుంబావు పట్టింది, జాడీ వెడల్పును బట్టి మారుతుంది. ఉప్పుకు మాత్రం రెండు సంఖ్యలు రాశాను, నాలుగు వందల యాభై లేక ఆరు వందల డెబ్బై అయిదు. ఎదురుగా: "ఫొటోలో బొటనవేలు అడ్డం. అక్క మాట సోలన్నర."

సారు ఆ కాగితం చదివి నవ్వలేదు. టేబుల్ మీద పడేశాడు.

"ఇదేందమ్మా? అటూ ఇటూ, తెలవది, బొటనవేలు! ఫైల్ల గిట్ల డౌట్లు పెడ్తరా? ఆఖరి గడి తీసేయ్. ఉప్పు నాలుగు వందల యాభై అని రాయి. ఉప్పు తక్కువైతే ఆరోగ్యం గూడ."

కాగితం ఇవ్వడానికి ఆవిడతో వెళ్లి నేనూ పక్కనే ఉన్నాను. సర్దుకుపొమ్మని చెప్పాలన్న ఆలోచన రాకపోలేదు. సెక్షన్ చేతిలో పడబోతోంది, ఒక గడి పోతే ఏం పోయిందని. నోరు తెరిచేలోపే మా ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తెలిసినకాడ తెలిసిందే రాసినం సారూ. తెల్వనికాడ తెల్వదని రాసినం. గది తీసేస్తే నేను సంతకం పెట్ట."

"సెక్షన్ వద్దా నీకు?"

"గావాలె. గందుకే పెట్ట. రేపు తొక్కు చెడిపోతే గా సంతకం నాదే ఉంటది, మీది గాదు. మళ్ల ఉల్లిగడ్డలకాడికి తోలుతరా, తోలుండ్రి. కత్తి నాకు కొత్త గాదు."

సారు నావైపు తిరిగాడు. "నువ్వన్న జెప్పవయ్యా."

"సార్, నేను మూసీల పదకొండు కిలోల చేపను పట్టిన మనిషిని," అన్నాను. "నేనే గీ కాగితం మీద అబద్ధం రాయలేకపోతున్న. ఇంక మా ఆవిడ ఏం రాస్తది?"

ఆయనకు కోపమొచ్చిందో నవ్వొచ్చిందో తెలియదు. మా ఆవిడ ఆ సందులోనే అడిగేసింది. రెండు చిన్న జాడీలు, ఒక్కోదాంట్లో కిలో ముక్కలు. ఒకదాంట్లో సోల లెక్కన నూటపది గ్రాముల ఉప్పు, ఇంకోదాంట్లో సోలన్నర లెక్కన నూటఅరవై అయిదు. మిగతావన్నీ సమానం. రెండువారాలు ఆగుదాం, ఏది నిలిస్తే అది. సారు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఆ రెండువారాలు ఆవిడ ఉల్లిగడ్డలే తరిగింది. కానీ రోజూ వెళ్లగానే మొదట ఆ జాడీల దగ్గరికే పోయేది. పన్నెండో రోజు సారే ఆవిణ్ని పిలిచి, నూటపది గ్రాముల జాడీ మూత తీసి చూపించాడు. పైకి తేలిన ముక్కల మీద తెల్లగా బూజు. రెండో జాడీలో ముక్క గట్టిగా, నూనె ఎర్రగా ఉంది. ఆయన వేడన్నం తెప్పించుకుని తిన్నాడు.

"ఇగ ఆరు వందల డెబ్బై అయిదే రాయి. బొటనవేలి ముచ్చట తీసేయొచ్చు గదా?"

"ఎట్ల తీస్తం సారూ? రెండు జాడీలు జెప్పినయి గానీ అమ్మ జెప్పలేదు గదా. కాయలు మారితే మళ్ల సూడాలె." ఆవిడ కలం తీసి ఆ గడిలో ఇంకో వరుస చేర్చింది: "రెండు జాడీల్లో చూశాం. తక్కువ ఉప్పుది బూజు పట్టింది. కాయలు మారితే మళ్లీ చూడాలి."

అప్పుడు సంతకం చేసింది. పచ్చళ్ల సెక్షన్‌లో ఇప్పుడు ఆవిడ కింద ముగ్గురు పనిచేస్తున్నారు. ఆ కాగితం గాజుపలక కింద గోడకుంది. కొత్తగా చేరినవాళ్లు మూడో గడి చదివి, బొటనవేలేమిటని అడుగుతారు. మా అక్క వేలు ఎంతుందో చెప్పే పని మాత్రం ఆవిడ నాకు వదిలేసింది. నిన్న చెప్పినప్పుడు అది అరటికాయంత ఉంది.