విన్నదానికే వేలిముద్ర

చదివి వినిపించని కాగితం మీద మా వదిన గంగక్క చేత ఎవరైనా వేలిముద్ర వేయించగలిగితే, వాళ్లింట్లో నేను ఏడాది ఊరికే చాకిరీ చేస్తాను. తనకల్లు పక్కన మా ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాయన అర్థం కాని కాగితం మీద వేలు ఒత్తితే ఎకరా చేను పోయింది. అప్పటినుంచి వేలిముద్ర అడిగితే చాలు, ఆమె చెయ్యి కొంగులోకి పోతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి.

అట్లాంటి ఆమెకు రెండువేల ఆరులో బడి నుంచే కార్డు వచ్చింది. కూతురు సువర్ణ అప్పుడు రెండో తరగతి. బడిలో కథల పుస్తకాలు ఇంటికి పంపడం మొదలుపెట్టారు. ఏ రోజు, ఏం చదివింది, ఎట్లా చదివింది అని కార్డులో రాసి, పెద్దవాళ్లు సంతకమో వేలిముద్రో వెయ్యాలి. కార్డు అట్లా వస్తేనే ఇంకో పుస్తకం ఇస్తారు. పెద్దల కోసం సూచనల కాగితం కూడా ఇచ్చారట. అది పిల్ల సంచి అడుగున ముడతలు పడి ఉందని తర్వాత తెలిసింది.

సోమవారం సాయంత్రం సువర్ణ మేకపిల్ల పుస్తకం తెరిచి, బొమ్మ బొమ్మకూ ఆగి, కథంతా గడగడా చెప్పింది. వదిన చెనక్కాయలు వలుస్తూనే కన్నార్పకుండా చూసింది.

"అచ్చరాల మింద కన్నే పెట్టలేదే. బొమ్మలు చూసి చెప్తాండావు."

"కథ అదే కదమ్మా."

"అదే అయితే కానీలే. సదవనిదానికి సదివినట్టు నేను ముద్ర ఎయ్యను."

పిల్ల ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. నేను ఏడో తరగతి దాకా చదివినదాన్ని, సంతకం నేనే పెడతానన్నాను.

"వినింది నేను, హేమా. నువ్వెట్ల పెడతావు?" అంది వదిన.

అన్న బెంగళూరులో మేస్త్రీ పనికి పోయి ఉన్నాడు, ఆమెకు చెప్పేవాళ్లు లేరు. మిగతా ఇళ్లల్లో కార్డులు ఒకే పూట, ఒకే పెన్నుతో నిండిపోయాయి. వాళ్ల పిల్లలు రెండో పుస్తకం, మూడో పుస్తకం తెచ్చుకుంటుంటే మా సువర్ణ అదే మేకపిల్లను పట్టుకుని కూర్చుంది. నాలుగు రోజులకు బడికి పోనని మొండికేసింది. అప్పుడు వదినకూ గుండె కలుక్కుమంది.

శనివారం బడిలో పెద్దల సమావేశం. వదిన కార్డు పట్టుకుని నేరుగా జయరాం సార్ ముందు నిలబడింది.

"ఏమప్పా సార్, బొమ్మలు చూసి కథ చెప్తే సదివినట్టా కాదా? అది తేల్చు ముందు."

సార్ సూచనల కాగితం తీసి అందరికీ చదివి వినిపించాడు. చిన్నపిల్లలు బొమ్మలు చూసి కథ చెప్పినా చదువే. తెలిసిన కథనే మళ్లీ మళ్లీ చదివినా చదువే. పెద్దవాళ్లు చదివి వినిపించినా, బస్సు బోర్డో అంగడి బోర్డో పిల్ల చదివినా లెక్కకొస్తుంది. పాఠం పదిసార్లు చూసి రాయించడం, టీవీ చూడడం లెక్కకు రావు. ఎట్లా చదివితే అట్లాగే రాయాలి. కుదరని రోజు ఖాళీగా వదలాలి.

"ముద్ర వేసేది అక్షరాలు తప్పు లేకుండా చదివిందని కాదు గంగక్కా. కూర్చుంది, నువ్వు విన్నావు అని. అంతే," అన్నాడు.

వదిన మొహం విప్పారింది. "అయితే సోమవారం 'బొమ్మలు చూసి చెప్పింది' అని రాయి. బుధవారం, గురువారం అట్లే. శుక్రవారం రెండు వరుసలు వేలు పెట్టి సదివింది, అదీ రాయి. మంగళవారం నేను కూలికి పోయి ఆలస్యంగా వచ్చినా. వినలేదు."

"ఒక్క గడే కదా, అది కూడా నింపేద్దాం," అన్నాడు సార్, పిల్ల మొహం చూసి.

"వద్దు సార్. వినందానికి ముద్ర ఎట్ల ఏస్తా?"

కూర్చున్న తల్లులు, నాయనలు కొందరు తల దించుకున్నారు. సార్ ఆమె చెప్పినట్టే రాసి, సిరా ప్యాడ్ ముందుకు జరిపాడు. నాలుగు గళ్లలో ఒక్కొక్కటీ ఒత్తిపట్టి ముద్రలు వేసింది మా వదిన. మంగళవారం గడి ఖాళీగా మిగిలింది. సువర్ణ కొత్త పుస్తకం ఎదకు హత్తుకుంది. నా కళ్లు తడిశాయి, చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంటికొచ్చే దారిలో బస్సు ఆగితే పిల్ల గట్టిగా, "క, ది, రి... కదిరి" అని చదివింది.

"ఇదీ లెక్కే కదా, హేమా?" అంది వదిన. ఇంటికి రాగానే నేను కార్డులో శనివారం గడిలో 'బస్సు బోర్డు' అని రాశాను. ఇంట్లో ప్యాడ్ ఎక్కడిది? పెనం బోర్లించి, దాని మసిలో బొటనవేలు అద్ది ముద్ర వేసింది.

మరుసటి వారం మా ఊరి కార్డులన్నీ బడికి పోయాయి. చాలావాటి మీద పెనం మసి ముద్రలున్నాయి. ప్రతి కార్డులోనూ ఒకటో రెండో గళ్లు ఖాళీగా ఉన్నాయట. వాటిని చూసి జయరాం సార్ మా వదినకు కబురు పంపాడు, ఇప్పుడు ఈ కార్డుల మీద నమ్మకం కుదిరిందని.