టీ బోర్డుకు పెట్టిన హద్దు ధర

మా ఇంట్లో నా మాట ఎవరూ వినరు. ముప్పై ఏళ్ళు మదనపల్లె బస్ డిపోలో గుమస్తాగా ఫైళ్ళు చూసి, ఒక్క కాగితం కూడా తప్పిపోనివ్వకుండా రిటైరైన వాణ్ణి. అయినా ఏదైనా అమ్మాలన్నా కొనాలన్నా పుంగనూరులో ఉండే మా అన్నే తేల్చాలి. ఆయన కొడుకు పెళ్ళి కార్డులో నా పేరు కింద వరసలో చిన్న అక్షరాల్లో వేయించాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఈసారి సంగతి మా నాయన అంగడి బోర్డుది. మూడడుగుల పొడవు, ఇనుప రేకు మీద పింగాణీ పూత, పచ్చ రంగు మీద ఎర్ర కెటిలు బొమ్మ. ఎప్పుడో ఒక టీ కంపెనీ వాళ్ళు ఊరికే తగిలించి వెళ్ళారు. మా అమ్మ శుక్రవారం శుక్రవారం ఆ కెటిలుకు పసుపు కుంకుమ పెట్టేది, అంగడికి అదే లక్ష్మి అన్నట్టు. అంగడి అన్న వాటాకు పోయింది కాబట్టి, బోర్డు అమ్మితే వచ్చేదంతా కుప్పంలో ఉన్న మా చెల్లెలికే అని ముగ్గురం ఒప్పుకున్నాం. ఆమెకు మోకాలి ఆపరేషన్ కావాలి. డాక్టరు అక్టోబరులో తేదీ ఇచ్చాడు. అప్పటికి ఏప్రిల్.

అన్న ముందుగా పుంగనూరులో పాత సామాన్లు కొనే వ్యాపారిని పిలిచాడు. ఆయన బోర్డును వెనక్కి తిప్పి చూశాడు, అంచుల్లో తుప్పు గోటితో గీకాడు.

"ఇరవై ఐదు వేలు. ఇప్పుడే చేతిలో పెడ్తా," అన్నాడు.

"ఇచ్చేద్దాం. ఇనప రేకుకు ఇంకెంత వస్తాదిరా?" అన్నాడు అన్న.

"ఆపరేషన్ ఇప్పుడా, అక్టోబరులోనా? ఆర్నెల్లు ఉండాది కదా, యాల తొందర?" అన్నాను నేను.

"నీకు అన్నీ తెలుసులే," అన్నాడు. ఆ మాట నా చిన్నప్పటి నుంచి వింటున్నదే.

నేను బెంగళూరులో పాత వస్తువులు వేలం వేసే సంస్థకు ఫోటోలు పంపాను. అక్కడి అమ్మాయి ఫోనులోనే విడమరిచి చెప్పింది. బోర్డు మేలో ఇస్తే ఆగస్టు వేలంలో పెడతారు. అరవై నుంచి ఎనభై వేలు పలకవచ్చని వేలం సరుకుల పుస్తకంలో అచ్చు వేస్తారు. అమ్ముడైతే పాట ధరలో నూటికి పదిహేను కమిషను, ఆ కమిషను మీద జీఎస్టీ, ఫోటోలకూ రవాణాకూ రెండు వేలు పోతాయి. డబ్బు వేలమైన నలభై ఐదు రోజులకు. కొన్నవాడు తన వైపు నుంచి సంస్థకు వేరే రుసుము కడతాడు కాబట్టి, అతడు మనసులో పెట్టుకున్న మొత్తం కంటే తక్కువకే పాట ఆపుతాడని కూడా ఆమే చెప్పింది. అమ్మేవాళ్ళ పక్షాన ఇంత నిజాయితీగా చెప్పినవాళ్ళను నేను తక్కువ చూశాను.

"ఒక హద్దు ధర పెట్టుకోండి సార్. దాని కింద పోతే అమ్మం. అది మీకూ మాకూ మధ్యనే ఉండాలి. పుస్తకంలో వెయ్యం. ఇంకో మాట, బోర్డును తోమకండి. ఆ పసుపు మరకలున్నా పర్వాలేదు. రంగు మాత్రం ముట్టుకోకండి."

ఆ మాట సరైన సమయానికి వచ్చింది. అన్న అప్పటికే చింతపండు నానబెట్టి, ఎర్ర రంగు డబ్బా కొని పెట్టుకున్నాడు.

హద్దు యాభై ఐదు వేలు పెట్టాను. కాగితం మీద లెక్క వేసి మరీ పెట్టాను. యాభై ఐదుకు పోయినా, కమిషను, పన్ను, ఖర్చులు తీసేస్తే నలభై మూడు వేల పైన చెల్లెలి చేతికి వస్తుంది. సెప్టెంబరు ఆఖరుకు డబ్బు, అక్టోబరులో ఆపరేషన్. ఆ అంకె చెల్లెలికి, అన్నకు మాత్రమే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ చెప్పకపోతే దాచిపెట్టానంటాడు.

ఆగస్టులో వేలం. ఫోనులో చూస్తూ కూర్చున్నాను. ముప్పై, ముప్పై ఐదు, నలభై, నలభై ఐదు, యాభై. అక్కడ ఆగిపోయింది. ఒక్కడు కూడా ముందుకు రాలేదు. బోర్డు అమ్ముడుపోలేదు.

రెండో రోజు పుంగనూరు పోయాను. టీ కొట్టు దగ్గర ఆ వ్యాపారి తనే నవ్వుతూ పలకరించాడు.

"ఏమప్పా, యాభై ఐదు పెట్టుకోని కూసుంటే ఎవురు కొంటారు? నేను ముప్పై ఇస్తాగానీ, ఇచ్చేయ్."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అచ్చు పుస్తకంలో అరవై, ఎనభై అని మాత్రమే ఉంది.

"యాభై ఐదని నీకెవురు చెప్పినారప్పా?"

"ఊర్లో గాలికి తెలిసింది," అన్నాడు. "నేను యాపారస్తుణ్ణి. చెవిలో పడింది వాడుకుంటా. నోట్లోంచి ఇడిసినోణ్ణి అడుగు."

ఆయన మీద నాకు కోపం లేదు. కొనేవాడికి హద్దు తెలిస్తే అతనూ, అతని తోటివాళ్ళూ అక్కడికి ఒక మెట్టు కింద ఆగుతారు. అమ్ముడుపోని సరుకును తర్వాత తక్కువకు అడుగుతారు. అది వాళ్ళ పని. అనుకున్నట్టే సాయంత్రం వేలం సంస్థ నుంచి ఫోను వచ్చింది, ఆఖరి పాట పాడినవాళ్ళు నలభై ఐదుకు తీసుకుంటారట. కోతలు పోగా ముప్పై ఐదు వేలు. లేకపోతే డిసెంబరు వేలంలో మళ్ళీ పెడతామన్నారు. డబ్బు వచ్చేసరికి జనవరి దాటుతుంది, ఆపరేషన్ తేదీ పోతుంది. పైగా ఒకసారి మిగిలిపోయిన సరుకంటే కొనేవాళ్ళకు చులకన.

"ముప్పై ఐదన్నా తీసుకుందాం చిన్నన్నా," అంది చెల్లెలు.

"నెల రోజులు ఆగు," అన్నాను.

బోర్డును బెంగళూరు నుంచి రైల్లో కుప్పం తెచ్చి, చెల్లెలి ఇంట్లో గోడకు ఆనించి, నేనే ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. ముందు వైపు, వెనక వైపు, పెచ్చులు ఊడిన నాలుగు చోట్లు, టేపు పట్టిన కొలతలు. యాభై రెండు వేలని రాశాను. మొదటి వారం పన్నెండు మంది "లాస్ట్ ప్రైస్ ఎంత" అని అడిగి మాయమయ్యారు. ఒకడు మిలిటరీలో ఉన్నానన్నాడు. అడ్వాన్సు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చెయ్యమన్నాడు.

"డబ్బు రావడానికి నేను స్కాన్ చేసేది ఎందుకప్పా? పొయ్యేదానికి కదా స్కాను," అన్నాను. ఫోను పెట్టేశాడు.

మూడో వారంలో బెంగళూరు నుంచి ఒకాయన రైలు దిగి వచ్చాడు. పాత టీ బోర్డులు పోగు చేస్తాడట. టార్చి వేసి పెచ్చుల కింద పొరలు చూశాడు, మేకుల రంధ్రాల చుట్టూ వేలితో తడిమాడు. పసుపు మరకల దగ్గర ఆగి, "ఇది ఎవరు పెట్టింది?" అని అడిగాడు.

"మా అమ్మ," అంది చెల్లెలు.

నలభై ఆరు వేలకు తేలింది. కమిషను లేదు, కోత లేదు. డబ్బు చెల్లెలి ఖాతాలో పడిందని బ్యాంకు మెసేజి చూశాకే బోర్డు గోనె సంచిలో చుట్టి ఇచ్చాను. వేలంలో హద్దు ధరకు పోయి ఉన్నా చేతికి వచ్చేదానికంటే రెండు వేల ఏడువందలు ఎక్కువే. ఆపరేషన్ అనుకున్న తేదీకే అయింది. ఇప్పుడు చెల్లెలు గోడ పట్టుకోకుండా వంటింట్లోకి నడుస్తోంది.

అయితే పని జరిగింది కదా అని నేను ఊరుకోను. వేలం తప్పు ఎంచుకున్నానని అన్న ఇప్పుడు ఊరంతా చెబుతున్నాడు. వేలం తప్పు కాదు. హద్దు బయటికి పొక్కడం తప్పు. మూడుసార్లు పుంగనూరు పోయి అడిగాను. ఒకసారి టీవీ శబ్దం పెంచాడు. ఒకసారి "అన్నం తిని పో" అన్నాడు. మూడోసారి అంగట్లోంచి లేచి వెనకవైపు పోయాడు. ఇప్పుడు రాసి అడుగుతున్నాను, వదినతో చదివించుకోనీ. అన్నా, యాభై ఐదు అంకె ఆయనకు చెప్పింది నువ్వేనా, కాదా? ఒక్క మాటలో చెప్పు.