రెండు మిషన్ల నడుమ

ఆదిలాబాదు పత్తి మిల్లులో నాతో పనిచేసిన వాళ్లను ఎవరినైనా అడగండి, మా వరుసలో నా అంత చెయ్యి తిరిగిన మనిషి లేదనే చెబుతారు. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. ఆ గొప్పే నాకు తర్వాత గొంతులో ముల్లయింది, అందుకే మొదట చెబుతున్నాను.

జిన్ను మిషన్ నడపడం చూసేవాళ్లకు సులువుగానే ఉంటుంది. పలక మీద పోసిన పత్తిని కొంచెం కొంచెంగా రోలరుకు అందించాలి. రోలరు దూదిని లాక్కుంటుంది, గింజ కింద రాలుతుంది. రోలరుకు తోలు చుట్టి ఉంటుంది, దాన్ని ఆనుకుని ఇనుప పట్టీ. పత్తి అందకపోతే తోలు ఇనుముకు ఉత్తగా రాసుకుని కమురు వాసన వస్తుంది. ఆ వాసన వస్తే ముకద్దం, అంటే మా మీది మేస్త్రి, అరుచుకుంటూ వచ్చేవాడు. మిషన్ ఆపడానికి పక్కన ఒక కట్టె ఉండేది. దాన్ని లాగితే పైనుంచి వచ్చే బెల్టు ఖాళీ చక్రం మీదికి జరిగి ఆ ఒక్క మిషన్ ఆగిపోతుంది. కానీ ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు.

పోవలసిన అవసరమే రాలేదు. పాలు తాగే పిల్లల కోసం షెడ్డు వెనక వసారాలో పాత చీరలతో ఊయలలు కట్టుకున్నాం. ఏ ఊయలలో ఏడుపు వినిపించినా ఆ తల్లి లేచి పోయేది, పక్క ఆవిడ రెండు మిషన్లకూ పత్తి వేసేది. ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ మెహర్బానీ అనుకునేవారు కాదు. నా పక్క మిషన్ మేమందరం ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆవిడది. నాకు పని నేర్పింది ఆమే. తురకల ఇంటి మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది, చంకలో ఎప్పుడూ ఒక బిడ్డ. ఆమె పాలివ్వడానికి పోతే నేను ఆమె మిషన్‌ను ఎంత బాగా నడిపేదాన్నంటే, ఒక్కసారి కూడా తోలు కమిలింది లేదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో ఒక పొద్దున ముకద్దం గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు రా, నువ్వు రాకు" అంటూ మమ్మల్ని రెండు పాయలు చేశాడు. బయట మిగిలిన వాళ్లందరూ చంటిపిల్లల తల్లులే. నా కొడుకు పాలు మాని మా అత్త దగ్గర ఉండేవాడు కాబట్టి నేను లోపల పడ్డాను. ఆపా బయట పడింది. లోపలికి పోయి చూస్తే ఆమె మిషన్ కూడా నాకే.

ఆ రోజు నుంచి మా బతుకు రెండు మిషన్ల నడుమ అటూ ఇటూ తిరగడమే. ఇటు ఒక పిడికిలి, అటు ఒక పిడికిలి. మంచినీళ్లకు పోదామంటే కమురు వాసన భయం. ముక్కుకు కట్టుకున్న గుడ్డ జారితే సరిచేసుకునే తీరిక లేదు, దుమ్మంతా గొంతులోకే. సాయంత్రం ఇంటికొచ్చి జొన్నరొట్టె కొడదామంటే చేతులు పైకి లేచేవి కావు. మా అత్త రొట్టె కొట్టిపెట్టి, "నౌకరి ఉన్నది గద, ఇంకేం గావాలె?" అనేది. ఆ మాట ఎదుటివాళ్లు అంటే చచ్చేంత కోపం, నాకు నేను అనుకుంటే చచ్చేంత సిగ్గు. ఆపా మిషన్ ముందు నిలబడితే ఆమె కూడు నేను తింటున్నట్టే ఉండేది. నేనేం చేశాను? ఏమీ చేయలేదు. అయినా అట్లాగే ఉండేది.

పనికంటే పాడుది ఇంకొకటి. ఇదివరకు అందరం గుండ్రంగా కూర్చుని ఒకరి తొక్కు ఒకరం రుచి చూస్తూ తినేవాళ్లం. ఇప్పుడు ఎవరి సద్ది వాళ్లు గోడవైపు తిరిగి తినడమే. తల్లులు పాలివ్వడానికి లేచిపోయే సంగతి ఎవరో ఒకరు ముకద్దం చెవిలో ఊదారని అందరి అనుమానం. ఒకరు దగ్గితే ఇంకొకరు మాట ఆపేసేవారు.

అంగడి రోజు నేను ఆపా ఇంటికి పోయాను. ఆమె నన్ను గడప దాటనివ్వలేదు.

"గంత మందిల నిన్నే ఎందుకు ఉంచిండు? నా మిషన్ నీకే ఎందుకిచ్చిండు?" అంది.

"నా కొడుకు మీద ఒట్టు ఆపా, నేను ఒక్క మాట చెప్పలే."

"మరి ఎవలు చెప్పిన్రో తెలుసుకొనిరా. గప్పటిదాంక నా వాకిట్లకు రాకు."

నాకు నోరెక్కువని మా ఊరంతటికీ తెలుసు. మర్నాడు గేటు దగ్గరే ముకద్దాన్ని పట్టుకున్నాను. "మా మీద నీకు చాడీ చెప్పిందెవలు? పేరు చెప్పు" అన్నాను.

అతను నవ్వాడు. "ఎవలో చెప్పాల్నా బాయీ? నా కండ్లు పోయినయా? ఆపా పిల్లకు పాలియ్యవోతే రెండు మిషన్లు నువ్వొక్కదానివే నడుపుతుంటివి గద. జర కమురు వాసన సుత రాకపాయె. మిల్లు సేటుకు గదే చూపిచ్చిన."

మేం ఒకరికొకరం పెట్టుకున్న చెయ్యే మా మెడ మీద పడింది.

మధ్యాహ్నం మిల్లులో అందరికీ, సాయంత్రం గడప బయటే నిలబడి ఆపాకూ విప్పి చెప్పాను. చాడీలు చెప్పిన దొంగ ఎవరూ లేరని తెలిసి అనుమానం తీరింది. కానీ ఆ తర్వాత ఒకరి మిషన్ మీద ఇంకొకరు చెయ్యి వేయడానికే భయపడ్డారు. నాలుగు రోజులు తిరక్కుండానే నా ఎదుటి వరుసలో ఒక చిన్నపిల్ల, కొత్తగా కాపురానికి వచ్చింది, దగ్గి దగ్గి మిషన్ల నడుమ కూలబడింది. కమురు వాసన మొదలైంది. ఒక్కరూ కదలలేదు. చెయ్యి పెడితే ఒక్క మనిషి మూడు నాలుగు మిషన్లు కూడా నడుపుతుందని చూపించినట్టే కదా. అందరి కళ్లూ నా మీదే.

నేను పోయి ఆ పిల్ల రెండు మిషన్ల కట్టెలూ లాగేశాను. వెనక్కి వచ్చి నావి కూడా రెండూ ఆపాను. పిల్లను ఎత్తి వసారాలో పడుకోబెట్టాను.

ముకద్దం ఉరికొచ్చాడు. "ఏం బాయీ, దిమాగ్ ఖరాబైందా?"

"మనిషి లేనప్పుడు మిషన్ ఆగుతది" అన్నాను. "ఇగ నుంచి గంతే. ఒకదాని మిషన్ల ఇంకొకతి పత్తి వెయ్యది. తీసేస్తే తీసెయ్, రెండు మిషన్లు నడిపెటోళ్లను వెతుక్కో."

అప్పటికే గేటు బయట పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి, రైతులు గోల చేస్తున్నారు. అతను పళ్లు నూరుతూ పోయాడు. మర్నాటి నుంచి నీళ్లకు పోయినా కట్టె లాగడమే, దగ్గు వచ్చినా కట్టె లాగడమే. రోజంతా ఏదో ఒక మిషన్ ఆగి ఉండేది. బండ్లు పెరిగాయి. చివరికి ముకద్దం తీసేసిన వాళ్లకు కబురు పెట్టాడు. అందరూ రాలేదు. కొందరు బొగ్గు బాయిల వైపు పోయారు, ఒకావిడ మొగుడితో మహారాష్ట్రకు పోయింది. వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ నా ముద్ద దిగదు.

ఆపా వచ్చింది. నా వైపు తిరగకుండానే తన మిషన్ పలక తుడుచుకుని పనిలో పడింది.

కాసేపటికి ఊయలలో బిడ్డ ఏడ్చింది. ఆపా లేచింది. నా చెయ్యి దానంతటదే ఆమె పలక మీదికి పోయి పిడికిలి నిండా పత్తి తీసుకుంది. అట్లాగే ఆగాను. వేలు వేలుగా పిడికిలి విప్పి పత్తిని పలక మీదనే వదిలేసి, ఆమె మిషన్ కట్టె లాగాను.

ఆపా వెనక్కి తిరిగి ఆగిన రోలరును చూసింది, నన్ను చూసింది.

"మంచిగ చేసినవ్" అంది. "ఇగ బిడ్డ కడుపునిండ తాగినంక వస్త."